నిఫ్టీకి బ్యాంక్ నిఫ్టీ సాక్ష్యం చెల్లుతుందా?

బ్రాడీపేట_కొత్తవాడు
డౌ థియరీ చదవడం మొదలుపెట్టాను. నెలలూ ఏళ్లూ నడిచే ప్రైమరీ ట్రెండ్ ఏదో, మధ్యలో దానికి ఎదురొచ్చే సెకండరీ ఏదో చార్టులో విడదీయడం రావట్లేదు. రెండు ఇండెక్స్‌లు ఒకే మాట చెప్పాలంటారు కదా, మనకు నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ చూసుకుంటే సరిపోతుందా?

ఆటోనగర్_శ్రీను
సరిపోతుంది తమ్ముడూ. రెండూ పాత టాప్ దాటితే ట్రెండ్ పైకి, ఒకటే దాటితే నమ్మొద్దు. కాకపోతే రెండూ ఒకే రోజు దాటాలి. మర్నాడు దాటినా లెక్కలోకి తీసుకోకు.

లబ్బీపేట_లక్ష్మి
ఒకే రోజు అన్న నియమం లేదండీ శ్రీను గారూ. ఒక్కోసారి రోజులు, ఒక్కోసారి వారాలు తేడా వస్తుంది. ఎడం పెరిగేకొద్దీ ఆ సంకేతం బలం తగ్గుతుందంతే. రెండోది కూడా దాటేదాకా పాత ట్రెండే నడుస్తోందని అనుకోవాలి.

కొత్తవాడు గారూ, 2025 మార్చి, ఏప్రిల్ నెలల డైలీ చార్టు తెరవండి. క్యాండిల్స్ తీసేసి, రోజువారీ ముగింపులు కలిపే లైన్ చార్టు పెట్టండి. ఈ పద్ధతికి ముగింపు ధర ఒక్కటే కావాలి.

నిఫ్టీ 2024 సెప్టెంబరు 26న 26,216 దగ్గర ముగిసింది. అక్కడి నుంచి దిగుతూ 2025 మార్చి 4న 22,083కి వచ్చింది. మధ్యలో, జనవరిలో, నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ రెండూ నవంబరు బాటమ్‌ల కిందికి పోయాయి. ప్రైమరీ ట్రెండ్ కిందికి తిరిగిందని చెప్పింది అదే. మార్చి 4 నుంచి 25 దాకా నిఫ్టీ 23,669కి లేచింది. పడింది 4,133 పాయింట్లు, లేచింది 1,586. అంటే 38 శాతం. పడినదాంట్లో మూడో వంతు నుంచి మూడింట రెండొంతుల దాకా వెనక్కి రావడం, మూడు వారాల నుంచి కొన్ని నెలలు పట్టడం సెకండరీ కదలిక లక్షణం. ఇది కొలతకూ సరిపోయింది, కాలానికీ సరిగ్గా అంచున సరిపోయింది. కాబట్టి మార్చి 25న చూసినవాడికి అది దిగే మార్కెట్‌లో వచ్చిన ఒక ఎదురు ర్యాలీ మాత్రమే.

అసలు విషయం ఆ తర్వాతే తేలింది. ఏప్రిల్ 7న మార్కెట్ కుప్పకూలి, నిఫ్టీ రోజు మధ్యలో 21,744 దాకా పోయింది. క్యాండిల్ చూసినవాళ్లు మార్చి బాటమ్ తెగిపోయిందన్నారు. కానీ ముగిసింది 22,162 దగ్గర, మార్చి బాటమ్ పైనే. బ్యాంక్ నిఫ్టీ అయితే మార్చిలో 47,850 దాకా దిగింది, ఏప్రిల్ 7న 49,860 దగ్గరే ఆగింది. తర్వాత ఏప్రిల్ 15న బ్యాంక్ నిఫ్టీ తన మార్చి టాప్ 51,705ను దాటి ముగిసింది. నిఫ్టీ తన 23,669ని దాటింది 17న. ప్రైమరీ ట్రెండ్ పైకి తిరిగినట్టు లెక్క 17 నుంచే, 15 నుంచి కాదు.

మిర్చియార్డు_బాబాయ్
ఇది మా సరుక్కీ పనికొస్తుందా అమ్మా? గుంటూరులో తేజ మిర్చి రేటు పెరిగి ఖమ్మంలో పెరగకపోతే, గుంటూరు రేటు నిలవదనుకోవచ్చా?

లబ్బీపేట_లక్ష్మి
అది వేరే లెక్క బాబాయ్ గారూ. రెండు యార్డుల్లోనూ అదే సరుకు. రేటు తేడా కిరాయికి మించితే సరుకు అటు కదిలి తేడా తగ్గుతుంది. డౌ జత అలాంటిది కాదు. 1896లో చార్లెస్ డౌ ఒక సగటు ఫ్యాక్టరీలకు, ఇంకోటి రైల్వేలకు పెట్టాడు. ఒకరు తయారుచేస్తారు, ఇంకొకరు మోస్తారు. మీ దగ్గర అడగాల్సిన ప్రశ్న ఏమిటంటే, యార్డులో అమ్మకం పెరిగిందంటున్నప్పుడు లారీలకు గిరాకీ పెరిగిందా లేదా అని. పెరగలేదంటే సరుకు కోల్డ్ స్టోరేజీల్లోకి పోతోందేమో చూడాలి. రెండో సాక్షి మొదటి సాక్షి చూడనిది చూసి ఉండాలి.

కొత్తపేట_సుబ్బారావు
అక్కడే నాకు పేచీ ఉందమ్మా. బ్యాంక్ నిఫ్టీలో బరువంతా హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ, ఎస్‌బీఐ, యాక్సిస్, కోటక్‌ల మీదే. ఆ అయిదూ నిఫ్టీ 50లోనూ ఉన్నాయి, పైగా పెద్ద వాటాతో. బ్యాంకులు లేస్తే నిఫ్టీ కొంత దానంతటదే లేస్తుంది. ఒకే మనిషి చొక్కా మార్చుకొని రెండోసారి సాక్ష్యం చెప్పినట్టు. ఏప్రిల్ 15న బ్యాంక్ నిఫ్టీ దాటింది, 17న నిఫ్టీని లాగింది. దాన్ని కన్ఫర్మేషన్ అనడానికి నాకు మనసొప్పదు.

ఇంకోటి. మీరు ర్యాలీని 38 శాతమని కొలిచారు. ఏప్రిల్ పతనాన్నీ కొలవండి. 1,586 పాయింట్ల ర్యాలీలో 1,507 పోయింది, 95 శాతం. అదీ రెండు వారాల లోపే. మీ కొలత ప్రకారమే అది సెకండరీ కాదు.

ఆటోనగర్_శ్రీను
అయితే రవాణా ఇండెక్సే పెట్టుకుందాం. ఎన్‌ఎస్‌ఈలో ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ లాజిస్టిక్స్ ఇండెక్స్ ఉందిగా, డౌ గారి రైల్వేల బదులు.

కొత్తపేట_సుబ్బారావు
పేరు చూసి మోసపోకు శ్రీనూ. అందులో మారుతి, మహీంద్రా లాంటి బండ్లు తయారుచేసేవాళ్లే పెద్ద బరువు, వాళ్లూ నిఫ్టీలో ఉన్నవాళ్లే. మన దేశంలో సరుకు మోసే రైల్వే ప్రభుత్వ శాఖ, దానికి షేరే లేదు. అమెరికాలో కుదిరిన జత ఇక్కడ అచ్చంగా కుదరదు.

లబ్బీపేట_లక్ష్మి
95 శాతం మాట ఒప్పుకుంటానండీ. నిఫ్టీ ఒక్కటే చూస్తే ఏప్రిల్ సంకేతం బలహీనం. బ్యాంక్ నిఫ్టీ మాత్రం దాదాపు 3,850 లేచి 1,845 పోగొట్టుకుంది, 48 శాతం. అయినా కాలం సరిపోలేదన్న మీ అభ్యంతరం రెంటికీ వర్తిస్తుంది. మూడో వంతు, రెండొంతులు అన్నవి మామూలుగా జరిగేదాన్ని చెప్పే కొలతలు. పాత బాటమ్ ముగింపులో తెగకపోవడమే నాకు ముఖ్యం.

జత విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవించను. వాటాలు కలిసినా వాళ్లు ఎప్పుడూ ఒకే మాట చెప్పట్లేదు. 2025 ఏప్రిల్ 21న బ్యాంక్ నిఫ్టీ 55,300 దగ్గర ముగిసి, 2024 సెప్టెంబరు టాప్ 54,375ను దాటేసింది. అదే రోజు నిఫ్టీ 24,125 దగ్గర ఉంది, తన టాప్‌కి రెండు వేల పాయింట్ల కింద. నిఫ్టీలోని ఐటీ లాంటి మిగతా రంగాలు వెనకబడ్డాయని ఆ తేడాయే చెప్పింది. కాబట్టి ఈ జత ‘అవును’ అంటే సగమే నమ్ముతాను, ‘కాదు’ అంటే మాత్రం గట్టిగా పట్టించుకుంటాను.

బ్రాడీపేట_కొత్తవాడు
చాలా థ్యాంక్స్ మేడమ్. లైన్ చార్టు పెట్టి చూశాను. 2025 నవంబరు 27న నిఫ్టీ 26,310 దాకా పోయింది. అంటే ఆ రోజు పాత టాప్ దాటినట్టేనా?

లబ్బీపేట_లక్ష్మి
ముగింపు చూడండి, 26,215.55. పాత టాప్ ముగింపు 26,216.05. అర పాయింటు తక్కువ, కాబట్టి దాటలేదు.

ఆటోనగర్_శ్రీను
అర పాయింటుకి ఇంత పట్టింపా? ఒక శాతం అటూఇటూ వదిలేయాలి.

కొత్తపేట_సుబ్బారావు
పాత పద్ధతివాళ్లు 0.01 దాటినా చాలంటారు, తగ్గితే మాత్రం ఒప్పుకోరు. నువ్వు శాతం వదులుతానంటే వదులు శ్రీనూ, కానీ ఎంత శాతమో చార్టు తెరవకముందే రాసిపెట్టుకో. పైకి ఎంత వదిలితే కిందికీ అంతే వదలాలి. ఆ లెక్కన ఏప్రిల్ 7న నిఫ్టీ మార్చి బాటమ్‌కి 79 పాయింట్ల దూరంలో, అంటే శాతం లోపే ముగిసింది. మరి అది నిలబడినట్టా, తెగినట్టా?