ఒకే గది రెండు చోట్ల బుక్ కాకుండా ఎలా ఆపాలి?

హనుమకొండలో మాది మూడు గదుల హోంస్టే. సొంత వెబ్‌సైటుతో పాటు రెండు బుకింగ్ వేదికల్లోనూ గదులు పెట్టాం. మూడింటి క్యాలెండర్లనూ ఐకాల్ లింకులతో కలిపాను. అయినా ఒక శనివారం ఉదయం మా సైటులో ఒకరు డబ్బు కట్టిన గదినే మధ్యాహ్నం ఒక వేదికలో మరొకరు తీసుకున్నారు. రామప్ప చూడటానికి వచ్చిన కుటుంబం సామాన్లతో గుమ్మంలో నిలబడితే ఏం చెప్పాలి?

కారణం తెలిసింది. ఐకాల్‌లో మార్పును మనం పంపలేం. ఆ వేదికే తీరిక చూసుకుని, కొన్ని గంటలకోసారి వచ్చి చదువుకుంటుంది. మా వైపు సరిచేశాను: అతిథి డబ్బు కట్టే ముందు మా సైటు రెండు లింకులనూ అప్పటికప్పుడు తెచ్చి చూస్తుంది. చెల్లింపు పూర్తయ్యేదాకా పది నిమిషాలు గదిని పట్టి ఉంచుతుంది. ఐకాల్ ఫైలులోని `DTEND` తేదీ గది ఖాళీ అయ్యే రోజు కాబట్టి, ఆ రాత్రిని మళ్లీ ఇవ్వవచ్చు. అదీ సరిగ్గానే లెక్కిస్తోంది.

చిక్కంతా అవతలి వైపే. మా బుకింగ్ వాళ్లకు వెంటనే చేరాలంటే అన్ని వేదికల్లోనూ గదుల లెక్కను ఒకేసారి మార్చే ఛానల్ మేనేజర్ సేవ తప్ప దారి లేదా? మూడు గదులకు ఆ నెలవారీ రుసుము బరువే. వేదికల్లో తక్షణ బుకింగ్ ఆపేసి, నేను ఒప్పుకున్నాకే ఖాయమయ్యేలా పెడితే, మేడారం జాతర రద్దీలో నెగ్గుకురాగలనా? అలా నడుపుతున్నవారు ఉంటే చెప్పండి.