ఫ్రెండ్‌కి జాబ్ ఇంటర్వ్యూ చివరి రౌండ్‌లో రిజెక్ట్ వచ్చింది, ఏం రాయాలి?

కొత్తకాపు:
నేనిక్కడికి వచ్చి నాలుగు నెలలు. నాతో పాటే వచ్చిన ఫ్రెండ్ నాలుగు రౌండ్లు దాటాక రిజెక్ట్ మెయిల్ వచ్చిందని నిన్న రాత్రి పోస్ట్ పెట్టాడు. కింద అందరూ "ఇంతకన్నా మంచిది రాసిపెట్టి ఉంది" అనే రాశారు. నేనూ అదే టైప్ చేసి చెరిపేశాను. ఏం రాయమంటారు?

రాత్రిషిఫ్ట్:
రెజ్యూమె ఒక పేజీకి కుదించమనండి తమ్ముడూ. నాకు ఆరు నెలలు ఒక్క కాల్ కూడా రాలేదు, అది మార్చాకే మొదలయ్యాయి.

పాతకాపు:
అది కాల్స్ రానివాళ్ల సమస్య. ఈ అబ్బాయి చివరిదాకా వెళ్లాడంటే రెజ్యూమె దాని పని అది చేసేసింది. ఆ మాటే అతనికి చెప్పు తమ్ముడూ, ఓదార్పుగా కాదు, జరిగింది అదే కాబట్టి. "తప్పకుండా వస్తుంది" అని మాత్రం రాయకు. నాకు అలా చెప్పినవాళ్లకి, నేను రెండోసారి రిజెక్ట్ అయినప్పుడు ఆ సంగతి చెప్పలేకపోయాను, వాళ్ల మాట వమ్ము చేసినట్టనిపించి. నీ కళ్లతో చూసింది ఒకటి రాయి, అతని పనిలో ఏది బాగుందో. తర్వాత నువ్వు చేయగలిగిన చిన్న సాయం, రోజుతో సహా. "ఏమైనా కావాలంటే చెప్పు" అంటే ఎవరూ అడగరు.

వానచినుకు:
కంపెనీకి మెయిల్ పెట్టి కారణం అడగమనండి, కచ్చితంగా చెప్తారు.

పాతకాపు:
అడగడం మంచిదేనమ్మా, కానీ చాలా కంపెనీలు గొడవలొస్తాయని కారణం చెప్పవు. జవాబు రాకపోతే అది ఇంకో దెబ్బలా తగులుతుంది, ఆ సంగతి ముందే చెప్పాలి. దానికన్నా అడిగిన ప్రశ్నలు, ఎక్కడ తడబడ్డాడో రెండు మూడు రోజుల్లోపే రాసుకోవడం పనికొస్తుంది, ఆ తర్వాత సగం మర్చిపోతాం. అదీ ఈ రోజే మొదలుపెట్టకు, ఇవాళ అతన్ని బాధపడనివ్వు.

కొత్తకాపు:
ఇలా రాశాను, చూడండి. "నాలుగు రౌండ్లు దాటాక ఇలా అవడం చాలా బాధరా. పోయిన నెల ఆ డేటాబేస్ డిజైన్ కాగితం మీద గీసి చెప్పావు చూడు, క్లాసులో రెండుసార్లు విన్నా ఎక్కనిది నాకు అప్పుడే అర్థమైంది. శనివారం మధ్యాహ్నం నేను ఖాళీ. వాళ్లడిగిన ప్రశ్నలు కూర్చుని రాద్దాం, వద్దనిపిస్తే ఊరికే నడిచొద్దాం. రిప్లై ఇవ్వకపోయినా పర్లేదు."

పాతకాపు:
ఒక్క అక్షరం మార్చకు.

వానచినుకు:
కానీ ఇది అందరికీ కనిపించేలా కాకుండా విడిగా పంపాలి కదా?

రాత్రిషిఫ్ట్:
నాకైతే నలుగురి ముందు నా పని బాగుందని ఒకరు అంటే బాగుండేది. ఆ వాక్యం అక్కడ పెట్టి, శనివారం మాట విడిగా పంపితే?

కొత్తకాపు:
అతను అందరి ముందూ మొహమాటపడే రకం. మొత్తం విడిగానే పంపేశాను. చూశాడు, ఇంకా ఏమీ అనలేదు. శనివారం ఖాళీగానే ఉంచుకుంటున్నాను.