అప్‌డేట్: తేనె సీసా లేబుల్ తేలింది

నేను అడిగింది: "అరకు వలిసె పూల ఆర్గానిక్ తేనె, వారాంతపు సంతలో అమ్ముతాం. ముందు ఏ లైన్ వేయాలి, వెనక కథ ఎంత రాయాలి?"

అందరికీ థాంక్స్. "100% స్వచ్ఛం" తీసేసి పూత, ఊరు, నెల వేయమన్న సలహానే పనికొచ్చింది. ఇప్పుడు ముందు లైన్: "వలిసె పూత వేళ తీసిన తేనె, అరకు, డిసెంబర్". ఉత్త "వలిసె తేనె" అనాలంటే పుప్పొడిలో కనీసం 45 శాతం వలిసెదేనని ల్యాబ్ తేల్చాలి, అందుకే లేబుల్ చూసినాయన దాన్ని ఆపేశారు.

వెనక తాతల కథ పోయింది. మిగిలింది ఇంతే: "ఈ తేనె త్వరగా పేరుకుంటుంది, చక్కెర కలిపినందుకు కాదు. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది. ఏడాదిలోపు పిల్లలకు పెట్టొద్దు." సంతలో సీసా అడుగున తెల్లగా కనిపిస్తే మొదట అడిగేది దాని గురించే మరి.

12 లక్షల లోపు టర్నోవర్‌తో నేరుగా అమ్మే చిన్న రైతుకు ఆర్గానిక్ సర్టిఫికెట్ మినహాయింపు ఉంది గానీ, జైవిక్ భారత్ లోగో వేయకూడదు.