ఇల్లు అమ్మిన డబ్బు: ఆరు నెలలు ముట్టుకోకుండా ఉంచడం సరైనదేనా?

నెల క్రితం మా పాత ఇల్లు అమ్మాం. ఇంత మొత్తం ఒకేసారి చేతికి రావడం ఇదే మొదటిసారి. ఇంకా సేవింగ్స్ ఖాతాలోనే ఉంది. అప్పుడే బ్యాంకు నుంచి ఒకాయన ఫోన్ చేసి, పదేళ్లు డబ్బు తీయడానికి వీల్లేని బీమా పథకం గురించి చెప్పాడు. "ఈ వారమే ఆఖరు" అన్నాడు. ఆ తొందరే నాకు నచ్చలేదు. మా బావగారికేమో వ్యాపారానికి అప్పు కావాలట. ఆయనకు ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

కనీసం ఆరు నెలలు ఈ డబ్బుతో ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోకుండా ఉందామని నేననుకుంటున్నాను, అది ఇలా. వచ్చింది 100 వంతులనుకుంటే, ఆడిటర్ పన్ను లెక్క తేల్చేదాకా 20 వంతులు విడిగా పెడతాను. మిగతా 80ని 3, 6, 9 నెలల డిపాజిట్లుగా విడగొడతాను. అలా అయితే మూడు నెలలకోసారి కొంత చేతికొస్తుంది, అన్నీ ఒకేరోజు తేల్చేయాల్సిన పని ఉండదు. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఒక పరిమితి వరకే ఇస్తుంది కాబట్టి రెండు మూడు బ్యాంకుల్లో వేద్దామనుకుంటున్నాను.

అసలు సందేహం మా సొంత అప్పు దగ్గర. మాకు 15 వంతుల లోన్ ఉంది, వడ్డీ 10 శాతం. డిపాజిట్ మీద వచ్చేది 6 శాతమే, దాని మీదా పన్ను. ఆగడం వల్ల నష్టమే కదా? ముందస్తుగా కడితే జరిమానా ఉందో లేదో లోన్ పత్రాల్లో చూసి, అదొక్కటి ఇప్పుడే తీర్చేయనా? లేక పన్ను లెక్క తేలేదాకా ఆగాలా? ఇలాంటిది దాటినవాళ్లు చెప్పండి.