హుక్ ఫార్ములాలు దాచుకుని వాడటం పనికొస్తుందా?

విత్తనం: మొక్కల వీడియోలు చేస్తాను. బాగా ఆడిన వీడియోల మొదటి వాక్యాలు, అంటే హుక్‌లు, నావీ పక్కవాళ్లవీ కలిపి ఓ 40 షీట్‌లో రాసిపెట్టుకున్నాను. వాటినే మాట మార్చి వేరే విషయాలకు వాడితే సగం చతికిలపడుతున్నాయి. అసలు ఈ పద్ధతే తప్పా?

కొత్తచూపు: తప్పే. ఒకే మూస నాలుగుసార్లు వింటే జనం పసిగట్టేస్తారు. షీట్ తీసేయండి, ప్రతిసారీ కొత్తగా ఆలోచించండి.

పాతకలం: జనం పసిగడతారన్నది నిజమే, కానీ వాళ్లు పట్టుకునేది మాటల్ని. మీరు దాచాల్సింది ఆ మాటల వెనకున్న మెలిక. షీట్‌లోంచి ఒకటి ఇక్కడ పెట్టండి, చూద్దాం.

విత్తనం: "మొక్క వాడిందని నీళ్లు పోస్తున్నారా? ఆ నీళ్లే దాన్ని చంపుతున్నాయి." ఇది బాగా ఆడింది. "రోజూ పదాలు బట్టీ పడుతున్నారా? అదే మీ భాషను చంపుతోంది" అని ఇంకో చానల్‌కి రాసిస్తే ఎవరూ నిలబడలేదు.

పాతకలం: మొదటిదాంట్లో మందే రోగాన్ని పెంచుతోంది. మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిందంటే, చాలాసార్లు గాలాడక వేళ్లు కుళ్లుతున్నట్టు. నీళ్లు పోసేకొద్దీ ఇంకా వాడుతుంది. రెండోదాంట్లో అలాంటిదేమీ లేదు. బట్టీ పడితే భాష నెమ్మదిగా వస్తుందేమో గానీ చావదు. మీరు "చంపుతోంది" అనే మాటను తీసుకెళ్లారు, మెలికను ఇక్కడే వదిలేశారు.

నేనైతే వీడియోలో చివరికి చెప్పబోయే జవాబును ముందు ఒక్క వాక్యంలో రాసుకుంటాను. ఉదాహరణకు, "చెవిలో బడ్ పెడితే గుబిలి బయటికి రాకపోగా ఇంకా లోపలికి పోతుంది." ఇక్కడా మందే రోగాన్ని పెంచుతోంది కాబట్టి ఆ ఫార్ములా అతుకుతుంది: "గుబిలి తీస్తున్నాననుకుంటున్నారా? మీరే లోపలికి తోస్తున్నారు." జవాబులో ఆ మెలిక లేకపోతే షీట్‌లో వేరే వరుస వెతుకుతాను. అందుకే ప్రతి హుక్ పక్కన "ఎందుకు పనిచేసింది" అని ఒక గడి పెట్టుకున్నాను.

నీలిసిరా: ఒకరి వాక్యం ఇంకొకరు వాడుకోవడం దొంగతనం కాదా? నా వ్యాసం మొదటి పేరా ఒకాయన అక్షరం మార్చకుండా వేసుకున్నాడు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

పాతకలం: అది దొంగతనమే, మీ కోపం న్యాయమైనదే. ఇక్కడ మాట్లాడుతున్నది వాక్యం గురించి కాదు, దాని అల్లిక గురించి.

కొత్తచూపు: సరే, మెలిక సంగతి ఒప్పుకుంటాను. కానీ "బాగా ఆడింది" అని దేన్ని చూసి అంటున్నారు? పెద్ద చానల్‌కి వ్యూస్ హుక్ వల్లే వచ్చాయని ఎలా చెప్తాం?

పాతకలం: వ్యూస్ చూసి చెప్పలేం. యూట్యూబ్ స్టూడియోలో మొదటి 30 సెకన్ల తర్వాత ఎంత శాతం మంది మిగిలారో కనిపిస్తుంది. నా షీట్‌లో ఆ అంకె ఉన్నవే ఉంచుతాను, అంటే నా సొంత వీడియోలవే. ఆ అంకె బాగుండి, ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గీత కాసేపటికే కిందికి జారిందంటే, హుక్ ఇచ్చిన మాట వీడియో నిలబెట్టుకోలేదన్నమాట. అలాంటి హుక్‌ను నేను దాచను.

విత్తనం: నా 40లో సొంతవి 6 మాత్రమే. మిగతావన్నీ పక్కవాళ్లవి, అంకెలు లేవు. వాటిని తీసేయాలా?

కొత్తచూపు: తీసేయండి.

పాతకలం: వేరే పేజీలో పెట్టి, ఒక్కొక్కటీ మీ వీడియోలో పరీక్షించాక ఇటు తెచ్చుకోండి. ఒకే మెలికను ఎన్ని వీడియోలకు ఒకసారి వాడొచ్చన్నది మాత్రం నాకింకా తేలలేదు.