"ఉద్వాసన", "కన్నీటి వీడ్కోలు", "తీరని లోటు": ఉద్యోగం పోయిన వారి గురించి ఏ మాటలతో రాయాలి?

స్రవంతి, బెళ్లందూరు:

సభ్యులకు నమస్కారం. నేను బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ బృందాన్ని చూసుకుంటున్నాను. గత గురువారం మా 26 మందిలో 11 మందిని ఒకే రోజు ఉద్యోగాల నుంచి తొలగించారు. మా సంస్థలోని తెలుగువారికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో దాదాపు 400 మంది ఉంటారు. ఉగాది, సంక్రాంతి వేడుకల కోసం చేర్చుకున్న తల్లిదండ్రులు, అత్తమామలు కూడా కొందరున్నారు. తొలగించిన వారిలో నలుగురు తెలుగువారు కాబట్టి, ఎవరైనా వారికి దారి చూపుతారన్న ఆశతో ఆ గ్రూపులో పెట్టడానికి ఈ కింది సందేశం రాసుకున్నాను.

"భారమైన హృదయంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మొన్నటి ఉద్వాసనలో మా బృందం నుంచి 11 మంది వెళ్ళిపోయారు. ఇన్నాళ్లూ మనతో నవ్విన ఆ ముఖాలు ఇకపై మన మధ్య కనిపించవు. వారు లేని లోటు తీరనిది. వారందరికీ కన్నీటి వీడ్కోలు. దేవుని దయ వల్ల నేనూ మరికొందరమూ బయటపడ్డాము. ఏం జరిగినా మన మంచికే అనుకుని ముందుకు సాగుదాం." దీని కింద ఆ నలుగురి పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టాను.

పంపే ముందు మా వారికి చదివి వినిపిస్తే, సగంలోనే ఆపి "ఎవరు చనిపోయారు?" అని అడిగారు. నేను మనస్ఫూర్తిగా రాసిన మాటలే ఇవి. ఎక్కడ తప్పుతున్నానో చెప్పగలరా? ముఖ్యంగా "ఉద్వాసన" అనే మాట వాడవచ్చా?

వెంకటరత్నం, రాజాజీనగర్:

అమ్మా, వీడ్కోలు సందర్భాలకు పద్యంతో మొదలుపెట్టడం మన సంప్రదాయం. మా బ్యాంకులో పదవీ విరమణ చేసిన ప్రతివారికీ నేనే సన్మాన పత్రం రాసేవాడిని. ఆ 11 మంది పేర్లు, సేవా కాలం పంపితే తేటగీతిలో రాసి ఇస్తాను.

స్రవంతి:

మీ పెద్దమనసుకు కృతజ్ఞతలు, బాబాయి గారూ. అయితే వీరెవరూ పదవీ విరమణ చేసినవారు కారు. వారిలో అందరికంటే పెద్దవారికి 41 ఏళ్లు, ఇంకా ఇంటి రుణం తీరలేదు. సన్మానం వారికి గాయమవుతుంది.

లక్ష్మీనారాయణ, జయనగర్:

స్రవంతి గారూ, మీ భర్త ప్రశ్నలోనే సమాధానం ఉంది. నలుగురి ముందు దుఃఖాన్ని చెప్పడానికి మన దగ్గర సిద్ధంగా ఉన్న మాటల్లో అధిక భాగం సంతాప సందేశాల నుంచి వచ్చినవే. "ఇక మన మధ్య లేరు", "తీరని లోటు", "కన్నీటి వీడ్కోలు" అనే మూడింటినీ మనం కొన్ని దశాబ్దాలుగా పత్రికల్లో నివాళుల కిందనే చదువుతున్నాం. బాధ కలిగినప్పుడు చేయి తనంతట తానుగా ఆ మాటల వైపు వెళుతుంది. కానీ మీరు రాస్తున్నది బతికి ఉన్నవారి గురించి. వారు రేపు ఉదయం ఇంటర్వ్యూకు వెళ్ళవలసినవారు. "వెళ్ళిపోయారు" అన్న మాట ఒంటరిగా ఉంటే తమంతట తామే మానేశారని అనిపిస్తుంది, దాని పక్కన "కనిపించవు" చేరగానే మరణవార్త అవుతుంది. "ఉద్యోగం పోయింది" అంటే ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడ పోయినది ఉద్యోగం, మనిషి కాదు.

ఇక "ఉద్వాసన" సంగతి. ఇది పూజామందిరం నుంచి వచ్చిన మాట. వినాయక చవితి పూజ పూర్తయ్యాక "పునరాగమనాయ చ" అని చెప్పి విగ్రహాన్ని కొద్దిగా కదుపుతాము. ఆవాహన చేసి పిలిచిన దేవుణ్ణి, పూజ ముగిశాక, మళ్ళీ రమ్మని కోరుతూ సాగనంపడం అది. పత్రికలు దాన్ని తీసుకుని "ఉద్యోగులకు ఉద్వాసన" అని వాడీ వాడీ అందులోని మర్యాదనూ, మళ్ళీ రమ్మన్న పిలుపునూ పూర్తిగా తుడిచేశాయి. ఇప్పుడు ఆ మాట వినగానే గెంటివేత గుర్తుకు వస్తుంది. మూలార్థం ఎంత మంచిదైనా, చదివేవారికి తోచేది వాడుకలోని అర్థమే. కాబట్టి వద్దనే అంటాను. "వేటు పడింది" అసలే వద్దు, అది కత్తి దెబ్బ. "కోత" విషయంలో మాత్రం ఒక సూక్ష్మం ఉంది. "ఉద్యోగాల కోత" అంటే కోసినది సంఖ్యను. "ఉద్యోగుల కోత" అంటే కోసినది మనుషులను. ఒక్క అక్షరమే తేడా, అయినా నేనైతే ఆ రెండవదాన్ని ఏ సందర్భంలోనూ రాయను.

కిరణ్, కోరమంగళ:

నేను పదేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉన్నాను, కాబట్టి ఇలాంటి ప్రకటనలు చాలా చూశాను. రెండు సూచనలు చేస్తాను. మొదటిది, "లేఆఫ్" అన్న మాట అందరూ వాడుతున్నా, మన చట్టంలో దాని అర్థం వేరు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారమైనా, 2025లో దాని స్థానంలో అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారమైనా, ముడిసరుకు లేకనో యంత్రం చెడిపోయో యజమాని తాత్కాలికంగా పని ఇవ్వలేకపోతే అది లేఆఫ్; ఆ కార్మికుడి పేరు హాజరు పట్టీలో అలాగే ఉంటుంది. శాశ్వతంగా తీసివేయడం రిట్రెంచ్‌మెంట్ కిందికి వస్తుంది. ఊళ్ళో ఉన్న తండ్రి ఎవరైనా "లేఆఫ్ అంటే మళ్ళీ పిలుస్తారట" అని ఆశపడే అవకాశం ఉంది కనుక, తెలుగులోనే స్పష్టంగా రాయడం మంచిది. రెండవది, ఎవరినీ నిందించకుండా "తొలగించబడ్డారు" అని రాస్తే గౌరవంగా, తటస్థంగా ఉంటుంది.

లక్ష్మీనారాయణ:

కిరణ్ గారి మొదటి సూచన నాకు చాలా ఉపయోగపడింది. రెండవదానితో మాత్రం ఏకీభవించలేను. "తొలగించబడ్డారు" అన్నది ప్రకటనల అనువాదాల ద్వారా అలవాటైన వాక్యం. కర్తను చెప్పకుండా ఉండటానికి తెలుగుకు "బడు" అక్కరలేదు, "11 మందిని తొలగించారు" అంటే చాలు. అయినా కర్తను ఎందుకు దాచాలి? "సంస్థ 11 మందిని తొలగించింది" అన్న వాక్యంలో నింద లేదు, జరిగినది జరిగినట్టు ఉంది. నిర్ణయం ఎవరిదో చెప్పకపోతే చదివేవారి మనసులో ఆ ఖాళీని "పని సరిగా చేయలేదేమో" అన్న అనుమానం నింపుతుంది. "ఉద్యోగం కోల్పోయారు" అన్న మాటలోనూ నాకు అదే భయం. పర్సు కోల్పోయామంటే అందులో మన అజాగ్రత్త కొంత ధ్వనిస్తుంది కదా.

ఇంతియాజ్, వైట్‌ఫీల్డ్:

అయ్యవారితో ఒక్క విషయంలో విభేదిస్తాను, ఎందుకంటే పోయిన ఏడాది ఆ 11 మందిలాంటి వారిలో నేనూ ఒకణ్ణి. కడపలో ఉన్న మా అమ్మకు నేను చెప్పుకోగలిగిన మాట "ఉద్యోగం పోయిందిమా" అన్నదే. "నన్ను తొలగించారు" అని నా నోటితో అనడానికి నాలుగు నెలలు పట్టింది. "తొలగించింది" అన్నది నిజమే, కానీ ఆ వాక్యంలో నేను ఎవరో పక్కకు జరిపిన వస్తువులా ఉంటాను.

స్రవంతి గారూ, మాటల కంటే ముందు ఆ పేర్లూ నంబర్లూ తీసివేయండి. మా బృందనాయకుడు కూడా మీలాగే మంచి మనసుతో నా పేరు ఒక గ్రూపులో పెట్టారు. అప్పటికి నేను ఇంట్లో చెప్పలేదు. ఆ సాయంత్రమే మా మామగారికి ఎవరో ఫోన్ చేసి పరామర్శించారు. మీ గ్రూపులో తల్లిదండ్రులు ఉన్నారని మీరే రాశారు. ఆ నలుగురిలో పెళ్ళి సంబంధాలు నడుస్తున్నవారు ఉండవచ్చు, ఇంట్లో ఎవరైనా జబ్బుతో ఉన్నందున చెప్పకుండా ఆగినవారు ఉండవచ్చు. ఒక్కొక్కరినీ విడిగా అడగండి, రాసినది చూపించి అడగండి. "దేవుని దయ వల్ల బయటపడ్డాము" అన్న వాక్యం మిగిలినవారికి ఊరట, మాకు మాత్రం దేవుడి దయ లేదని చెప్పడం. "మన మంచికే" అన్నది మేము అనుకోవలసిన మాట, ఎప్పుడైనా అనుకోగలిగితే. "పనితీరు కారణం కాదు" అని రాయాలనిపిస్తుంది, రాస్తే మాకు ఎంతో మేలు కూడా. కానీ సంస్థ ఇచ్చిన లేఖలో ఆ మాట ఉందో లేదో ముందు చూడండి.

పద్మజ, మారతహళ్లి:

చర్చ ఉద్యోగాల గురించి అని తెలుసు, అయినా ఇంతియాజ్ గారి మాటలు చదివాక మా అమ్మ సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసినప్పుడు నేనే ఫేస్‌బుక్‌లో "మా అమ్మ పోరాట యోధురాలు, తప్పక గెలుస్తుంది" అని రాశాను. వందల మంది మెచ్చుకున్నారు. రెండేళ్ల తరువాత జబ్బు తిరగబెట్టింది. అప్పుడు అమ్మ నన్ను అడిగిన మాట: "అయితే నేను సరిగ్గా పోరాడలేదా?" కీమో పడుతున్న మనిషి చేయగలిగినదల్లా మందు ఎక్కించుకుని పడుకోవడమే. ఆ పోస్టును తీసివేసి "అమ్మకు మళ్ళీ చికిత్స మొదలైంది, మంగళవారాలు ఆసుపత్రిలో ఉంటాం, ఫోన్ తీయలేకపోతే ఏమనుకోవద్దు" అని మాత్రం రాశాను. అమ్మ చదివి, "ఇది బాగుంది" అంది.

స్రవంతి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆ నలుగురితో విడివిడిగా మాట్లాడాను. ఇద్దరు తమ అనుభవం గురించి రాయమన్నారు, పేరు వద్దన్నారు. ఒకరు తన గురించి ఒక్క ముక్క కూడా రాయవద్దన్నారు. వచ్చే నెలలో ఆయన చెల్లెలి నిశ్చితార్థం. నాలుగో ఆయనకు అప్పటికే ఒక అవకాశం వచ్చింది. నేను అడగకుండా పంపి ఉంటే నాలుగు ఇళ్లలో ఏమయ్యేదో తలచుకుంటే నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. సంస్థ లేఖలో "ఖర్చుల తగ్గింపు" అన్న కారణం స్పష్టంగా ఉంది. కాబట్టి సందేశం ఇలా మారింది.

"ఖర్చుల తగ్గింపులో భాగంగా మన సంస్థ గత గురువారం మా టెస్టింగ్ బృందంలో 11 మందిని ఉద్యోగాల నుంచి తొలగించింది. వారిలో ఇద్దరి కోసం, వారిని అడిగి, ఇది రాస్తున్నాను. ఒకరికి బ్యాంకింగ్ అప్లికేషన్ల టెస్టింగ్‌లో 9 ఏళ్ల అనుభవం ఉంది, బెంగళూరులోనే ఉండవలసిన అవసరం ఉంది. మరొకరు 4 ఏళ్లుగా ఆటోమేషన్ చేస్తున్నారు, హైదరాబాదుకైనా చెన్నైకైనా వెళ్ళగలరు. మీకు తెలిసిన చోట ఖాళీలు ఉంటే నాకు విడిగా రాయండి, వారికి చేరవేస్తాను. ఈ సందేశం కింద పరామర్శలు రాయవద్దని, వారెవరో ఊహించే ప్రయత్నం చేయవద్దని నా మనవి."

ఇంతియాజ్ గారూ, "తొలగించింది" అనే ఉంచాను. ఆ ఇద్దరినీ అడిగితే ఒకరు మీలాగే "పోయింది" అన్నారు, మరొకరు "తొలగించింది అనే రాయండి, నేను పోగొట్టుకోలేదు" అన్నారు.

ఇంతియాజ్:

ఆ ఇద్దరినీ అడిగారు కాబట్టి నాకు సమ్మతమే. ఆఖరి వాక్యం మా నాయకుడు కూడా రాసి ఉంటే బాగుండేది. ఆ రోజు 60 చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి, ఉద్యోగం గురించి ఒక్కరూ రాయలేదు.

లక్ష్మీనారాయణ:

"మనవి" బదులు "వారి కోరిక" అంటే ఇంకా బాగుంటుందేమో, ఎందుకంటే ఆ హద్దు గీసింది వారు కదా.

స్రవంతి:

మార్చాను, గురువుగారూ. ఇంకొక్క సందేహం మిగిలింది. వచ్చే వారం ఆ 11 మందిలో ఒకరికి సిఫారసు లేఖ రాయాలి. "మాజీ సహోద్యోగి" అని రాస్తే "మాజీ మంత్రి" గుర్తుకు వచ్చి పదవి ఊడిన మనిషిలా వినిపిస్తోంది, "పూర్వ సహోద్యోగి" అంటే ఏళ్ల నాటి మాటలా ఉంది. గత నెల వరకూ నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషిని ఏమని రాయాలి?