నెట్ మాటిమాటికీ పోతోంది, కంపెనీకి ఏమని రాయాలి?

సత్తుపల్లి టీచర్: మా ఫైబర్ నెట్ రోజూ సాయంత్రమే పోతోందండీ. ఫోన్ చేస్తే "రౌటర్ ఆపి మళ్లీ వేయండి మేడమ్" అంటారు, అంతలో అదే వస్తుంది, వెంటనే ఫిర్యాదు మూసేశామని మెసేజ్! ఈసారి మెయిల్ పెడదామనుకుంటున్నా. ఏమేం రాయాలి?

బ్యాచిలర్ రూమ్: ఎర్ర లైట్ వస్తోందా? అయితే రౌటర్ పోయినట్టే, కొత్తది ఇమ్మని రాయండి.

లైన్ పని చేసేవాడిని: ఎర్ర లైట్ వస్తే రౌటర్ పోయినట్టు కాదు తమ్ముడూ. LOS అని రాసున్న లైట్ ఎర్రగా కొట్టుకుంటుంటే ఎక్కువసార్లు పెట్టె బాగానే ఉంటుంది, దాని దాకా సిగ్నల్ రావట్లేదంతే. తీగ ఎక్కడో మడత పడో, కనెక్టర్ వదులయ్యో, స్తంభం దగ్గర జాయింట్ చెడో ఉంటుంది. LOS ఆరి, PON నిలకడగా పచ్చగా ఉండి, Internet లైట్ ఒక్కటే పోతే ముందే తీగని అనుమానించకండి, అది ఎక్కువగా లాగిన్ వైపు సమస్య. అందుకే మేడమ్, నెట్ పోగానే రౌటర్ ఆపకుండా ముందు లైట్లు ఫోటో తీయండి, ఆపి మళ్లీ వేశాక చూపించడానికి ఏమీ మిగలదు.

మూడో అంతస్తు: మాకూ ఇంతే, పై గదిలో సిగ్నలే రాదు. ఎక్స్‌టెండర్ కొన్నాక హాయి.

సత్తుపల్లి టీచర్: మాది అది కాదండీ, లాప్‌టాప్‌కి వైరు పెట్టినా పోతోంది. నా ఫోన్‌లో మూడు ఫోటోలున్నాయి, రెండిట్లో LOS ఎర్రగా ఉంది, ఒకదాంట్లో Internet ఆరిపోయింది.

లైన్ పని చేసేవాడిని: అయితే ఇలా రాయండి, తేదీలు, టైములు మీ ఫోటోల్లోవి పెట్టుకోండి, కోపం ఒక్క ముక్క కూడా వద్దు:

"అయ్యా, నా కస్టమర్ ఐడీ (మీది). నవంబర్ 4 రాత్రి 7:40 నుంచి 8:15 వరకు, 6న 7:55 నుంచి 8:20 వరకు నెట్ లేదు, రెండుసార్లూ LOS ఎర్రగా కొట్టుకుంది. 9న 8:05కి PON పచ్చగానే ఉంది, Internet ఆరిపోయింది, రౌటర్ ఆపి మళ్లీ వేశాక 8:30కి వచ్చింది. వైరుతో కలిపిన లాప్‌టాప్‌లోనూ ఇంతే. ఫోటోలు జతచేశాను. టెక్నీషియన్‌ను పంపి, ఇంట్లో ఫైబర్ చివర మీటర్ పెట్టి సిగ్నల్ ఎంత వస్తోందో కొలిచి, వచ్చిన అంకె నాకు రాసివ్వండి. ఫిర్యాదు నంబర్ పంపండి. నాతో మాట్లాడకుండా మూసేయకండి."

ఆ అంకె మైనస్ 27 డీబీఎం దాటి మైనస్ 30 వైపు వెళ్తే తీగలోనే లోపం. కానీ నెట్ బాగున్నప్పుడు కొలిస్తే మంచి అంకే వస్తుంది, కాబట్టి సాయంత్రం రమ్మనండి.

బ్యాచిలర్ రూమ్: మరి 9వ తేదీది?

లైన్ పని చేసేవాడిని: అది వేరే జబ్బో, లైన్ ఒక క్షణం తెగి పాత లాగిన్ ఇరుక్కుందో ఫోటో చూసి చెప్పలేను. వాళ్ల లాగ్‌లోనే తెలియాలి.

రిటైర్డ్ గుమస్తా: ఫిర్యాదు నంబర్ మాత్రం వదలకండమ్మా. అక్కడ తేలకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు, ఫీజు లేదు.

సత్తుపల్లి టీచర్: మెయిల్ పంపేశా. సాయంత్రం రాలేం, పొద్దున పదికి వస్తామంటున్నారు. ఒప్పుకోనా?